అంగారకుడిపై మేల్కొన్నది ఎవరు?

టెలిపోర్టర్ అనే ఊహాయంత్రం మనిషిని మోసుకెళ్లదు. అతని దేహం గురించిన సమాచారాన్ని మాత్రం పంపుతుంది. తత్వశాస్త్రంలో ఈ ఊహకు అందరూ ఉదహరించే రూపం ఇచ్చినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆల్ సోల్స్ కాలేజీకి చెందిన డెరెక్ పార్ఫిట్. 1984లో వెలువడిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ పుస్తకంలో మూడో భాగాన్ని ఆయన ఈ యంత్రంతోనే మొదలుపెట్టారు. ఒక మనిషి నిన్నా నేడూ అదే మనిషిగా ఉండటం దేనివల్ల అన్నది అక్కడి ప్రశ్న. దేహం కొనసాగడం వల్లనా, మనసు కొనసాగడం వల్లనా? మామూలు జీవితంలో ఈ రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి ఏది అసలు కారణమో తేల్చే అవసరం రాదు. టెలిపోర్టర్ ఆ రెండింటినీ విడదీస్తుంది.

యంత్రం చేసే పని

పార్ఫిట్ కథలో ప్రయాణికుడు భూమి మీద ఒక గదిలోకి వెళ్లి ఆకుపచ్చ బటన్ నొక్కుతాడు. వెంటనే స్పృహ పోతుంది. గదిలోని స్కానర్ అతని శరీరంలోని ప్రతి కణం స్థితినీ నమోదు చేస్తూనే మెదడునూ శరీరాన్నీ నాశనం చేస్తుంది. ఆ వివరాలు రేడియో తరంగాలుగా బయలుదేరి మూడు నిమిషాల్లో అంగారకుడిని చేరతాయి. భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు అంగారకుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఆ దూరాన్ని దాటడానికి కాంతికి పట్టేది దాదాపు ఆ మూడు నిమిషాలే. అక్కడున్న మరో యంత్రం స్థానిక పదార్థంతో, కణం తర్వాత కణంగా, అచ్చం అలాంటి మెదడునూ శరీరాన్నీ తయారుచేస్తుంది.

అంగారకుడిపై లేచిన మనిషికి తాను బటన్ నొక్కిన సంగతి గుర్తుంది. క్షణం కింద నొక్కినట్టే ఉంది. ఆ ఉదయం గడ్డం గీసుకుంటుంటే పైపెదవి మీద పడ్డ గాటు కూడా అలాగే ఉంది. తనలో ఏ మార్పూ లేదని అతను తేల్చుకుంటాడు. భార్య పేరు, పిల్లల ముఖాలు, సగం రాసిన పుస్తకం, పాత భయాలు, అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. భూమి మీద నిన్నటి దాకా తిరిగిన దేహంలోని ఒక్క కణమూ ఇక్కడికి రాలేదు. ఇతను ప్రయాణం చేసి వచ్చిన మనిషా, లేక ఒక మనిషి చనిపోయాక తయారైన నకలా?

లేచిన వ్యక్తిని అడిగితే తేలే ప్రశ్న కాదిది. అతను ప్రయాణికుడే అయినా ‘నేనే వచ్చాను’ అంటాడు, నకలే అయినా అదే మాట అంటాడు. ఎన్ని పరీక్షలు చేసినా రెండు సందర్భాల్లోనూ ఒకే ఫలితం వస్తుంది. అందుకే ఇది ప్రయోగశాలలో తేలదు. ఒక మనిషి కొనసాగడానికి ఏ షరతు అవసరం అన్నది ముందు తేల్చుకోవాలి.

రెండు కొలబద్దలు

‘ఒకటే’ అనే మాటను రెండు రకాలుగా వాడుతుంటాం. ఒకే అచ్చులో పోసిన రెండు ఇత్తడి గ్లాసులు పోలికలో ఒకటే, లెక్కలో మాత్రం రెండు. ఒకే గ్లాసు సొట్ట పడితే పోలిక మారుతుంది, లెక్కలో మాత్రం అది ఆ గ్లాసే. పోలికలో అంగారకుడిపై ఉన్న మనిషికీ భూమి మీది మనిషికీ తేడా లేదని అందరూ ఒప్పుకుంటారు. వివాదమంతా లెక్క గురించే.

దీనికి రెండు ప్రధాన సమాధానాలున్నాయి. మానసిక కొనసాగింపు సిద్ధాంతం ప్రకారం జ్ఞాపకాలు, ఉద్దేశాలు, నమ్మకాలు, స్వభావం తెగకుండా ముందుకు సాగితే మనిషి సాగినట్టే. అవి ఏ దేహంలో ఉన్నాయన్నది రెండో విషయం. ఈ లెక్కన టెలిపోర్టర్ వేగవంతమైన ప్రయాణ సాధనం. దేహ కొనసాగింపు సిద్ధాంతం ప్రకారం మనిషి అంటే ప్రాణమున్న ఒక శరీరం, లేదా కనీసం పనిచేస్తున్న ఒక మెదడు. అది నాశనమైతే మనిషి పోయినట్టే. ఈ లెక్కన ఆకుపచ్చ బటన్ నొక్కడం ఆత్మహత్య, అంగారకుడిపై లేచినవాడు మరొకడు.

జ్ఞాపకాల గొలుసు

మొదటి సిద్ధాంతానికి మూలపురుషుడు జాన్ లాక్. మానవ అవగాహన మీద రాసిన తన గ్రంథానికి 1694లో రెండో ముద్రణ తెచ్చినప్పుడు ఆయన ఈ విషయం మీద కొత్త అధ్యాయం చేర్చారు. ఒక రాకుమారుడి ఆత్మ తన గత జీవితపు స్పృహతో సహా చెప్పులు కుట్టేవాడి దేహంలో చేరితే ఏమవుతుందని అందులో అడిగారు. చూసేవాళ్లకు అతను చెప్పులు కుట్టేవాడే. కానీ రాకుమారుడి పనులకు జవాబుదారీ అతనే కాబట్టి, వ్యక్తిగా అతను రాకుమారుడే అన్నది లాక్ తీర్పు. పరకాయ ప్రవేశం కథలు విన్న తెలుగువారికి ఈ తీర్పు కొత్తగా అనిపించదు. అమరుక మహారాజు దేహంలో ప్రవేశించింది శంకరాచార్యులే అనుకుంటూ వింటేనే ఆ కథ నడుస్తుంది.

అయితే జ్ఞాపకం ఒక్కటే ఆధారమైతే ఒక చిక్కు వస్తుంది. దాన్ని 1785లో థామస్ రీడ్ చూపించారు. ఒక పిల్లవాడు పండ్లతోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక యువ సైనికాధికారిగా శత్రువు జెండాను పట్టుకున్నాడు. అప్పటికి ఆ దెబ్బలు గుర్తున్నాయి. ముసలితనంలో సేనాని అయ్యాడు. జెండా సంగతి గుర్తుంది కానీ దెబ్బల సంగతి పూర్తిగా మరిచిపోయాడు. జ్ఞాపకమే కొలబద్ద అయితే సేనానీ అధికారీ ఒకరే, అధికారీ పిల్లవాడూ ఒకరే, కానీ సేనానీ పిల్లవాడూ ఒకరు కారు. ఇది అసంబద్ధం.

పార్ఫిట్ దీన్ని సరిచేయడానికి రెండు సంబంధాలను వేరుచేశారు. ఒకటి నేరు సంబంధం. ఒక అనుభవమూ దాని జ్ఞాపకమూ, ఒక ఉద్దేశమూ దాన్ని నెరవేర్చే పనీ ఇలా ముడిపడి ఉంటాయి. మామూలు మనిషిలో ఒక రోజుకూ మర్నాటికీ మధ్య ఇలాంటి ముడులు ఎన్ని ఉంటాయో, వాటిలో కనీసం సగం ఉంటే దాన్ని బలమైన సంబంధం అన్నారు. రెండోది కొనసాగింపు. ఇలాంటి బలమైన సంబంధాలు ఒకదానిమీద ఒకటి పడుతూ గొలుసుగా సాగితే చాలు. సేనానికి పిల్లవాడితో నేరు సంబంధం దాదాపు లేకపోయినా, మధ్యలో రోజురోజూ తెగని గొలుసు ఉంది. టెలిపోర్టర్ ఆ గొలుసును తెంపదు. బటన్ నొక్కేటప్పటి ఉద్దేశాన్నే అంగారకుడిపై లేచినవాడు నెరవేరుస్తాడు.

దేహం వైపు వాదన

దేహమే మనిషి అనేవారు పదార్థం మారకూడదని అనరు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులే. మెదడు పైపొరలోని నాడీకణాల్లో అత్యధికం జీవితాంతం ఉంటాయి గానీ, వాటిలోని అణువులు కూడా మారుతూనే ఉంటాయి. కాబట్టి దేహ కొనసాగింపు అంటే అదే పదార్థం నిలవడం అని అర్థం కాదు. కొత్తగా చేరే ప్రతి భాగమూ అప్పటికే పనిచేస్తున్న జీవిలో చేరి, దాని పనిలో పాలుపంచుకోవడమే కొనసాగింపు. టెలిపోర్టర్‌లో జరగనిది ఇదే. అక్కడ పాత జీవి ముందే ఆగిపోయింది. కొత్త భాగాలు చేరడానికి సాగుతున్న ప్రాణమేదీ లేదు. వెళ్లింది కొలతల పట్టిక మాత్రమే.

ఈ వాదానికి ఇటీవలి కాలంలో గట్టి రూపం ఇచ్చినవారు ఎరిక్ ఆల్సన్. 1997లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ది హ్యూమన్ ఆనిమల్’. మనిషి ఒక జంతువు, జంతువుగా ఎంతకాలం బతికుంటే అంతకాలం అదే మనిషి అన్నది అందులోని వాదన. కుర్చీలో ఒక మానవ జంతువు కూర్చుంది, దానికి మెదడుంది, అది ఆలోచిస్తోంది. వ్యక్తి ఆ జంతువు కాదంటే ఒకే కుర్చీలో ఒకే ఆలోచనను ఇద్దరు ఆలోచిస్తున్నారని ఒప్పుకోవాల్సి వస్తుంది. తల్లి గర్భంలోని పిండం, కోలుకోలేని అపస్మారకంలో ఉన్న రోగి, ఈ ఇద్దరి విషయంలోనూ ఈ వాదానికి బలం ఉంది. మానసిక సిద్ధాంతం ప్రకారం ఎవరూ ఎన్నడూ పిండంగా లేరు. మంచం మీదున్న రోగి కూడా ఇంట్లోవాళ్లు ఎరిగిన మనిషి కాడు. రెండు మాటలూ మింగుడుపడవు.

దేహవాదానికి ఎదురయ్యే ఇబ్బంది మరో చోట ఉంది. నాగార్జునుడి పేరుతో చెలామణి అయి, 5వ శతాబ్ది తొలి ఏళ్లలో కుమారజీవుడు చైనీయంలోకి అనువదించిన ఒక బౌద్ధ వ్యాఖ్యాన గ్రంథంలో దాన్ని చూపే కథ ఉంది. ఒక బాటసారి రాత్రిపూట పాడుబడిన ఇంట్లో పడుకున్నాడు. ఒక రాక్షసుడు శవాన్ని మోసుకొచ్చాడు. వెనకే వచ్చిన మరో రాక్షసుడు ఆ శవం తనదన్నాడు. సాక్ష్యం అడిగితే బాటసారి నిజమే చెప్పాడు, మొదటివాడే తెచ్చాడని. కోపంతో రెండోవాడు అతని చెయ్యి పీకేస్తే మొదటివాడు శవం చెయ్యి తెచ్చి అతికించాడు. రెండో చెయ్యి, కాళ్లు, తల, మొండెం వరసగా అలాగే మారిపోయాయి. పీకిన భాగాలను రాక్షసులిద్దరూ పంచుకు తిని వెళ్లిపోయారు. మిగిలిన మనిషికి అంతా గుర్తుంది, కానీ ఒంట్లో తనదంటూ ఏమీ లేదు. తనకు దేహం ఉన్నట్టా లేనట్టా అని అతను దారిలో కనపడ్డ భిక్షువులను అడిగాడు.

ఆ కథలో మార్పు అంచెలంచెలుగా జరిగింది. పార్ఫిట్ కూడా ఇలాంటి వరుసనే ఊహించారు. ఒక మనిషి కణాల్లో 1 శాతాన్ని తీసి అచ్చం అలాంటి కొత్త కణాలు పెడితే అతను పోయాడని ఎవరూ అనరు. 100 శాతం ఒకేసారి మారిస్తే అది టెలిపోర్టర్‌తో దాదాపు సమానం. మధ్యలో 30, 50, 70 శాతాలున్నాయి. దేహవాదం నిజమైతే ఆ వరుసలో ఎక్కడో ఒక చోట ఒక మనిషి పోయి మరొకడు రావాలి. 49 శాతం దాకా ప్రాణం నిలిచి 50 దగ్గర పోతుందనడానికి ఏ కారణం చూపగలం? ఆ రెండు స్థితుల మధ్య తేడా ఒక్క శాతం కణాలు మాత్రమే.

యంత్రం చెరపకుండా వదిలితే

ఇంతవరకు తూకం మనసు వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది. పార్ఫిట్ కథలో రెండో ప్రయాణం దాన్ని తలకిందులు చేస్తుంది. కొన్నేళ్ల తర్వాత, ఎన్నోసార్లు వెళ్లొచ్చిన అదే ప్రయాణికుడు బటన్ నొక్కుతాడు. ఈసారి స్పృహ పోదు. యంత్రం చెడిపోయిందేమోనని అడిగితే బాగానే పనిచేస్తోందని జవాబు వస్తుంది. ఇది కొత్త స్కానర్, శరీరాన్ని నాశనం చేయకుండానే వివరాలు తీసుకుంటుంది. గంట ఆగితే అంగారకుడిపై ఉన్న తనతో తానే మాట్లాడవచ్చు.

కాసేపటికి తెల్లకోటు వేసుకున్న ఒకాయన పక్కకు పిలిచి చెడువార్త చెబుతాడు. కొత్త స్కానర్ గుండెను దెబ్బతీస్తోంది. అంగారకుడిపై అతను ఆరోగ్యంగానే ఉంటాడు కానీ ఇక్కడ కొద్ది రోజుల్లో గుండె ఆగిపోతుంది. తర్వాత తెర మీద అంగారక వ్యక్తి కనిపిస్తాడు. రోజూ అద్దంలో చూసుకునే ముఖమే, కాకపోతే ఎడమ కుడులు తారుమారు కాలేదు. భూమి మీద ఇతను మాట రాక నిలబడి ఉంటే తెర మీది ముఖం మాట్లాడుతోంది. భార్యాపిల్లలను తాను చూసుకుంటానని, పుస్తకాన్ని తానే పూర్తిచేస్తానని ఓదారుస్తోంది.

ఇక్కడ మానసిక సిద్ధాంతం లెక్క తప్పుతుంది. బటన్ నొక్కక ముందున్న మనిషిని ‘అ’ అనుకుందాం. నొక్కాక భూమి మీద ఉన్నవాడు ‘ఆ’, అంగారకుడిపై ఉన్నవాడు ‘ఇ’. మానసిక కొనసాగింపే ప్రమాణమైతే అ, ఆ ఒక్కరే. అ, ఇ కూడా ఒక్కరే. ఒకదానితో ఒకటైన రెండూ తమలో తాము ఒకటి కావాలి కాబట్టి ఆ, ఇ కూడా ఒక్కరే కావాలి. కానీ ఒకడు భూమి మీద చావుకు సిద్ధపడుతున్నాడు, మరొకడు కోట్ల కిలోమీటర్ల అవతల ఆరోగ్యంగా ఉన్నాడు. వాళ్లిద్దరు. మానసిక కొనసాగింపు ఎందరితోనైనా ఉండవచ్చు, ఒకే మనిషి కావడం మాత్రం ఒక్కరితోనే సాధ్యం. బెర్నార్డ్ విలియమ్స్ 1950లలోనే ఎత్తిచూపిన ఇబ్బంది ఇది.

ఇదే వేళ్లు మొదటి ప్రయాణం మీదికీ పాకుతాయి. అంగారకుడిపై జరిగింది రెండు ప్రయాణాల్లోనూ ఒక్కటే. అదే సమాచారం, అదే నిర్మాణం. రెండోసారి అది నకలైతే, మొదటిసారి ప్రయాణికుడు ఎలా అయ్యాడు? భూమి మీద ఒక శరీరాన్ని నాశనం చేయడం వల్ల అంగారకుడిపై ఉన్న నకలు అసలుగా మారుతుందా?

తప్పించుకునే దారులు

మారుతుందనే వాళ్లూ ఉన్నారు. మానసిక కొనసాగింపు ఒక్కరితోనే ఉన్నప్పుడు మాత్రమే అది మనిషిని నిలుపుతుందని వాళ్లు షరతు పెడతారు. రాబర్ట్ నోజిక్ 1981లో దీనికే మరో రూపం ఇచ్చారు. పోటీలో ఉన్నవారిలో అత్యంత సన్నిహితంగా కొనసాగుతున్నవాడే ఆ మనిషి అన్నారు. మొదటి ప్రయాణంలో పోటీ లేదు కాబట్టి అంగారక వ్యక్తే ప్రయాణికుడు. రెండోసారి భూమి మీదివాడికి మనసుతో పాటు దేహమూ ఉంది కాబట్టి అతనే.

డేవిడ్ లూయిస్ 1976లో ఇంకో దారి చూపారు. మనిషి అంటే కాలంలో సాగిన మొత్తం జీవితం. విడిపోయే ముందు కూడా ఇద్దరున్నారు. రెండు రోడ్లు కొంతదూరం ఒకే దారిగా నడిచినట్టు, వాళ్ల జీవితాల తొలి భాగం ఉమ్మడిగా నడిచింది. తర్కానికి ఇది నిలుస్తుంది. అయితే బటన్ నొక్కకముందు ఒక కుర్చీలో ఎందరు కూర్చున్నారన్నది తర్వాత జరగబోయేదాన్ని బట్టి ఉంటుందని ఒప్పుకోవాలి.

నోజిక్ దారిలోనూ ఇలాంటి ధర ఉంది. అంగారకుడిపై కళ్లు తెరిచినవాడు ఎవరన్నది అతనిలో ఏముందో చూసి తేలదు. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఒక స్కానర్ సరిగా పనిచేసిందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఒకడు బతికున్నాడా లేదా అన్న ప్రశ్నకు జవాబు అతనికి ఏ సంబంధమూ లేని మరో శరీరం మీద ఆధారపడటం చాలామందికి ఒప్పుదల కాదు.

పార్ఫిట్ తీర్పు

పార్ఫిట్ ఈ దారుల్లో వేటికోసమూ గట్టిగా పట్టుబట్టలేదు. ప్రశ్ననే పక్కన పెట్టమన్నారు. 1971లో రాసిన ‘పర్సనల్ ఐడెంటిటీ’ అనే వ్యాసం నుంచీ ఆయన మాట ఇదే. ఒకడు తానుగా మిగలడం ముఖ్యం కాదు, మిగలడంలో దేన్ని కోరుకుంటామో అది ముఖ్యం. కోరుకునేది మానసిక సంబంధం, దాని కొనసాగింపు. అది మామూలు కారణం వల్ల వచ్చినా, యంత్రం వల్ల వచ్చినా తేడా లేదని ఆయన అభిప్రాయం.

దీనికి ఆయన వాడిన బలమైన ఉదాహరణ మెదడు విభజన. ఒక మనిషి మెదడులో ఒక అర్ధగోళం దెబ్బతిన్నా అతను బతకవచ్చు. కాబట్టి ఒక అర్ధగోళాన్ని మాత్రమే మరో శరీరంలో అమర్చినా అతను మిగిలినట్టే అనుకుందాం. ఇప్పుడు రెండు అర్ధగోళాలనూ రెండు శరీరాల్లో అమర్చారు, రెండు శస్త్రచికిత్సలూ ఫలించాయి. ఇద్దరూ అతనే కాలేరు. ఒకరు అవుతారు, మరొకరు కారు అనడానికి కారణం లేదు. అంటే అతను లేడనాలి. కానీ ఒకటే ఫలిస్తే బతికినవాడు రెండూ ఫలించినప్పుడు చచ్చాడనడం ఎలా? రెట్టింపు విజయాన్ని మరణం అనలేం. కాబట్టి అతను మిగిలాడా లేదా అన్న ప్రశ్నకు జవాబు ‘లేదు’ అయినా, విలువైనదేదీ పోలేదు.

ఈ తీర్పు ప్రకారం రెండో ప్రయాణంలో భూమి మీద చావబోతున్న మనిషి పరిస్థితి మామూలు చావు అంత చెడ్డది కాదు. అతను పోతాడు, నిజమే. కానీ అతని ఉద్దేశాలు, ప్రేమలు, జ్ఞాపకాలు, ఆ చివరి కొద్ది రోజులవి తప్ప, అన్నీ సాగుతాయి. ఇంకో ఫలితం కూడా ఉంది. మానసిక సంబంధానికి మోతాదు ఉంటుంది. నలభై ఏళ్ల తర్వాతి మనిషితో నేటి మనిషికి ఉన్న సంబంధం రేపటి మనిషితో ఉన్న సంబంధం కంటే పలచన. అవును, కాదు అన్న రెండే జవాబులున్న ప్రశ్న స్థానంలో ఎంత అన్న ప్రశ్న వస్తుంది. దేహం మార్పు వరుసలో 49, 50 శాతాల దగ్గర వచ్చిన చిక్కు కూడా దీనితో విడిపోతుంది. అక్కడ దాచిపెట్టిన గీత ఏదీ లేదు. ఆత్మ అనే విడి పదార్థం లేదని చెప్పే బౌద్ధ దృష్టికి తన వాదం దగ్గరగా ఉందని పార్ఫిట్ గుర్తించారు. పుస్తకానికి బుద్ధుడి దృక్పథం మీద ఒక అనుబంధమే చేర్చారు.

మిగిలిన అభ్యంతరాలు

విలియమ్స్ 1970లో రాసిన ఒక వ్యాసం ఈ తీర్పుకు ఇప్పటికీ పెద్ద అడ్డంకి. రేపు నిన్ను హింసిస్తామని ఒక మనిషికి చెప్పారు. అతను భయపడ్డాడు. అంతకుముందే జ్ఞాపకాలన్నీ చెరిపేస్తామన్నారు. భయం తగ్గలేదు. వాటి స్థానంలో మరొకరి జ్ఞాపకాలు పెడతామన్నారు. అయినా తగ్గలేదు. మతి పోయాక హింస పడబోయేది కూడా తానే అన్న భావన అతన్ని వదలదు. ఇలా చెబితే మనిషి దేహం వైపు నిలబడతాడు. అదే విషయాన్ని ఇద్దరు దేహాలు మార్చుకున్న కథగా చెబితే మనసు వైపు నిలబడతాడు. చెప్పే తీరును బట్టి సహజ భావన మారుతోందంటే, ఆ భావనను సాక్ష్యంగా ఎంతవరకు నమ్మాలన్నది ప్రశ్న. టెలిపోర్టర్ కథ మీదా ఇదే అనుమానం వర్తిస్తుంది. అంగారకుడిపై లేచినవాడి కళ్లతో చెబితే అది ప్రయాణం, బటన్ ముందు నిలబడ్డవాడి కళ్లతో చెబితే అది చావు.

భౌతికశాస్త్రం వైపు నుంచి ఒక పరిమితి ఉంది. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం సాధ్యం కాదని 1982లో రుజువైంది. 1993లో ప్రతిపాదించిన క్వాంటమ్ టెలిపోర్టేషన్ పద్ధతిలో మూల స్థితి చెరగక తప్పదు. 1997లో కాంతికణాలతో చేసి చూపిన ప్రయోగాల్లోనూ అంతే. అంత సూక్ష్మమైన వివరం కావాలంటే రెండో ప్రయాణం అసాధ్యం. కానీ పార్ఫిట్ యంత్రం కణాల స్థితినే నమోదు చేస్తుంది. జ్ఞాపకాలూ స్వభావమూ నిలవడానికి అంతకు మించిన వివరం అక్కర్లేదనుకుంటే ఆ నియమం అడ్డు రాదు, రెండో ప్రయాణపు చిక్కు అలాగే ఉంటుంది.

వృత్తి తత్వవేత్తలు కూడా ఈ విషయంలో ఒక తాటిమీద లేరు. ఫిల్‌పేపర్స్ సంస్థ 2009లో జరిపిన సర్వేలో, టెలిపోర్టర్‌లోకి వెళ్లినవాడు బతుకుతాడన్నవారు సుమారు 36 శాతం, చస్తాడన్నవారు 31 శాతం. 2020లో మళ్లీ అడిగితే బతుకుతాడన్నవారు 35 శాతం దగ్గరే ఉన్నారు, చస్తాడన్నవారు సుమారు 40 శాతానికి పెరిగారు. మిగిలినవారిలో ఎటూ తేల్చనివారూ, ప్రశ్నకే స్పష్టత లేదన్నవారూ ఉన్నారు.

రెండు పక్షాలూ చెల్లించాల్సిన ధర మాత్రం స్పష్టమైంది. మనసే మనిషి అనేవారు నకళ్లు రాకుండా పైనుంచి ఒక షరతు అతికించాలి, లేదా పార్ఫిట్ లాగా తానుగా మిగలడానికి అంత విలువ లేదని ఒప్పుకోవాలి. దేహమే మనిషి అనేవారికి నకళ్ల బెడద లేదు. అయితే తన జ్ఞాపకాలు, ఉద్దేశాలు, ప్రేమలు అన్నీ మోసుకొచ్చిన మనిషిని పరాయివాడని చెప్పడానికి వాళ్లు సిద్ధంగా ఉండాలి.